ఒక్క చీర, రెండు ఆర్డర్లు

ఆన్‌లైన్ దుకాణంలో ఓ మంగళగిరి చీర ఒక్కటే మిగిలిందనుకుందాం. విజయవాడలో ఒకామె, వరంగల్‌లో మరొకామె దాదాపు ఒకేసారి కొనేశారు. ఆర్డర్ ఖాయమైందని ఇద్దరికీ మెసేజ్ వెళ్లింది. సాయంత్రం యజమాని లెక్క చూసుకుంటే స్టాక్ మైనస్ ఒకటి!

తప్పంతా రెండు పనుల మధ్య ఉన్న సందులో ఉంది. ప్రోగ్రాం ముందుగా స్టాక్ ఎంతుందని డేటాబేస్‌ను అడుగుతుంది. ఒకటి ఉందని తెలిశాక ఆర్డర్ రాసి, అప్పుడు అంకె తగ్గిస్తుంది. మొదటి ఆర్డర్ ఇంకా అంకె తగ్గించకముందే రెండోది వచ్చి అడిగితే దానికీ ‘ఒకటి ఉంది’ అనే జవాబే వస్తుంది. సందు కొన్ని మిల్లీసెకన్లే కాబట్టి, ప్రోగ్రామర్ ఒక్కడే కూర్చుని పరీక్షించినప్పుడు ఈ తప్పు బయటపడదు. పండగ అమ్మకాల రద్దీలో పడుతుంది.

నిజానికి మైనస్ కనిపించడం నయం. కొన్ని ప్రోగ్రాంలు ఒకటిలోంచి ఒకటి తామే తీసేసి, వచ్చిన సున్నాను డేటాబేస్‌లో రాస్తాయి. ఇద్దరి తరఫునా సున్నాయే రాస్తారు కనుక స్టాక్ సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, అమ్మింది మాత్రం రెండు. వచ్చిన సరుకులోంచి అమ్ముడైన ఆర్డర్లు తీసేసి పోల్చి చూస్తేనే ఆ తేడా దొరుకుతుంది.

చూడడం, తగ్గించడం ఒకే ఆదేశంలో జరిగితే ఆ సందే ఉండదు:

```sql
UPDATE items SET stock = stock - 1
WHERE id = 7 AND stock > 0;
```

మొదటి ఆదేశం ఆ వరుసకు తాళం వేస్తుంది. రెండోది ఆగి, తాళం తీశాక షరతును కొత్త అంకెతో మళ్లీ సరిచూస్తుంది. స్టాక్ సున్నా కాబట్టి ఏ వరుసా మారదు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ, పోస్ట్‌గ్రెస్ రెండూ మామూలు సెట్టింగుల్లో ఇలాగే చేస్తాయి. అయితే ఇక్కడ డేటాబేస్ ఎర్రర్ ఇవ్వదు. ‘మారిన వరుసలు 0’ అంటుందంతే. ప్రోగ్రాం ఆ అంకె చూసి ‘సరుకు అయిపోయింది’ అని చెప్పాలి. చూడకుండా ఆర్డర్ రాసేస్తే పాత కథే.

తగ్గించే ముందు ఆఫర్లు, ఒక్కొక్కరికి ఎన్ని ఇవ్వొచ్చన్న పరిమితి లాంటివి చూడాల్సి వస్తే, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి `SELECT ... FOR UPDATE` తో వరుసకు ముందే తాళం వేసుకోవాలి. తనిఖీ, తగ్గింపు, ఆర్డర్ అన్నీ ముగిశాక `COMMIT` తో అది విడుదలవుతుంది.

ఆ తాళం పట్టుకుని కొనేవారి యూపీఐ చెల్లింపు కోసం ఎదురుచూడడం మాత్రం పొరపాటు. ఒకరు పిన్ గుర్తుతెచ్చుకునేలోగా అదే చీర అడిగినవాళ్లంతా ఆగిపోతారు. ముందే స్టాక్ తగ్గించి, ఆ చీరను కొన్ని నిమిషాలు వారి పేరిట ఉంచి, డబ్బు రాకపోతే తిరిగి కలపడం మేలు.

వీటన్నిటితోపాటు పట్టికలో `CHECK (stock >= 0)` అనే నియమం కూడా పెట్టుకోవాలి. ఏ ప్రోగ్రాం పొరపాటున మైనస్ రాయబోయినా డేటాబేసే దాన్ని తిప్పికొడుతుంది.