రైలు దిగాక మిగిలిన మూడు కిలోమీటర్లు

హైదరాబాద్‌లో హైటెక్ సిటీ పేరుతో ఒక రైల్వే స్టేషన్ ఉంది. పేరు చూసి దిగిన కొత్తవాళ్లకు బయటికి రాగానే సైబర్ టవర్స్ కనిపించదు. అది అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్లు. మైండ్‌స్పేస్ కూడలికి వెళ్లాలంటే ఇంకో కిలోమీటరు పైచిలుకు. కారణం వెతికితే నిజాం కాలానికి వెళ్లాలి. సికింద్రాబాద్ నుంచి వాడి వెళ్లే ఈ రైలుమార్గం 1874లో మొదలైంది. సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. రాళ్లగుట్టల మీద ఆఫీసులు లేచేనాటికి పట్టాలకు నూటపాతికేళ్లు దగ్గరపడ్డాయి. 2003లో అదే పాత లైను మీద ఎంఎంటీఎస్ రైళ్లు వేసినప్పుడు, పట్టాలు ఆఫీసుల దగ్గరికి రాలేవు కాబట్టి స్టేషన్‌ను పట్టాల దగ్గరే కట్టారు. నవీ ముంబైలో ఐరోలి స్టేషన్ పక్కనే ఆఫీసు పార్కు ఉంది. ఇక్కడ ఆ అదృష్టం లేదు.

ఈ మిగిలిన దూరానికి చాలామందికి తోచే మార్గం ఆటో ఒక్కటే. స్టేషన్ బయట బేరం, లేదంటే ఫోన్‌లో బుకింగ్. రోజుకు రెండుసార్లు, నెలకు ఇరవై రెండు రోజులు ఇదే లెక్క వేసుకుంటే, రైలు టికెట్‌లో మిగిలిన డబ్బు ఆటో చార్జీల్లో కలిసిపోతుంది. అందుకే చాలామంది కొన్నాళ్లు రైలెక్కి, తర్వాత బండి కొనుక్కుంటారు. అయితే మిగతా దారులూ ఉన్నాయి. ఏది ఎవరికి సరిపోతుందో తేల్చాలంటే కిలోమీటర్ల కన్నా నిరీక్షణను లెక్కపెట్టాలి.

నడకనే చూడండి. మామూలు వేగంతో మూడు కిలోమీటర్లకు ముప్పై అయిదు నుంచి నలభై నిమిషాలు. ఆఫీసుకు నడిచి వెళ్లడానికి చాలామంది ఒప్పుకునే దూరం అర కిలోమీటరు, మహా అయితే ముప్పావు. కాబట్టి ఈ స్టేషన్ విషయంలో నడక తేలిపోయింది. వాహనం ఎక్కితే పదిహేను, ఇరవై నిమిషాలే. కానీ ఆ వాహనం కోసం మరో పదిహేను నిమిషాలు నిలబడితే నడకకూ దానికీ తేడా ఏముంది? పైగా ఎంఎంటీఎస్ మెట్రోలా నాలుగైదు నిమిషాలకొకటి రాదు. రైలుకూ రైలుకూ మధ్య అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. జనం ఒక్కసారిగా గుంపుగా దిగుతారు. బయట ఉన్న నాలుగు వాహనాలూ ఆ గుంపుకు చాలవు. పది నిమిషాల తర్వాత అదే చోట వాహనాలుంటాయి, ఎక్కేవాళ్లు ఉండరు.

ఈ చిక్కును తప్పించుకునే మొదటి దారి, అసలు ఆ స్టేషన్ దాకా వెళ్లకపోవడం. ఫలక్‌నుమా నుంచి కాచిగూడ, సికింద్రాబాద్ మీదుగా లింగంపల్లి వెళ్లే రైల్లో మైండ్‌స్పేస్‌లో పనిచేసే ఒక ఉద్యోగి కూర్చున్నారనుకుందాం. రైలు బేగంపేట చేరింది. అక్కడే కూర్చుంటే భరత్‌నగర్, బోరబండ దాటి హైటెక్ సిటీ రావడానికి ఇంకో పద్దెనిమిది, ఇరవై నిమిషాలు. స్టేషన్ బయటికి రావడానికి అయిదు, వాహనం కోసం పది లేదా పదిహేను, రోడ్డు మీద మరో పదహారు నుంచి ఇరవై. మొత్తం కలిపితే యాభై నిమిషాల నుంచి గంట.

బేగంపేటలోనే దిగిపోతే? మెట్రో స్టేషన్ నడిచి వెళ్లే దూరంలోనే ఉంది. నడకకు అయిదారు నిమిషాలు, మెట్లు, తనిఖీ, రైలు కోసం చూడటం కలిపి ఏడెనిమిది, అమీర్‌పేట మీదుగా రాయదుర్గం దాకా ఇరవై నిమిషాల పైన, అక్కడి నుంచి మైండ్‌స్పేస్ గేటుకు పది, పన్నెండు నిమిషాల నడక. ఇదీ యాభై నిమిషాలకు అటూ ఇటూ తేలుతుంది. మరి లాభమేమిటి? మొదటి లెక్క వాన పడినరోజు గంటన్నర అవుతుంది. రెండో లెక్క యాభై అయిదు దాటడం అరుదు. తొమ్మిదిన్నరకు మీటింగ్ ఉన్న మనిషికి సగటు సమయం కన్నా ఈ నమ్మకమే ముఖ్యం. టికెట్ ఖర్చు కొంత పెరిగే మాట నిజమే, కానీ ఆటో ఖర్చుతో పోలిస్తే తక్కువ. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో 2019 మార్చిలో, రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరులో వచ్చింది. అంతకుముందు ఈ దారే లేదు. పాత అలవాటు కొద్దీ ఇంకా హైటెక్ సిటీ దాకా వెళ్తున్నవాళ్లు ఒక్క వారం బేగంపేటలో దిగి చూడటం మంచిది.

లింగంపల్లి, చందానగర్, హఫీజ్‌పేట వైపు నుంచి వచ్చేవాళ్లకు ఈ ఉపాయం పనికిరాదు. వాళ్లకు మెట్రో చుట్టుదారి. వాళ్లకు మిగిలేవి బస్సు, బైక్ ట్యాక్సీ, సైకిల్, కంపెనీ షటిల్.

బస్సు సంగతి ముందు. కూకట్‌పల్లి వైపు నుంచి సైబర్ టవర్స్‌కు వచ్చే రోడ్డు హైటెక్ సిటీ స్టేషన్ దగ్గర పట్టాల కింద నుంచి వెళ్తుంది. ఆ ఇరుకు తగ్గించడానికి అక్కడ కొత్త అండర్‌బ్రిడ్జిని 2021లో ప్రారంభించారు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు తెలిపే గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అంటే మహిళా ఉద్యోగులకు ఈ చివరి దూరం పైసా ఖర్చు లేకుండా గడుస్తుంది. ఏసీ బస్సులకు ఇది వర్తించదు. ఇబ్బంది ఎక్కడంటే, బస్సులు రైలు వేళలు చూసుకుని రావు. రెండు వారాలు తాము దిగే సమయాన్నీ బస్సు వచ్చిన సమయాన్నీ రాసి పెట్టుకుంటే, ఏ రైలుకు బస్సు కలుస్తుందో, ఏ రైలుకు కలవదో తేలిపోతుంది.

ఒంటరిగా వెళ్లేవారికి బైక్ ట్యాక్సీ వేగమైనది. ట్రాఫిక్‌లో నాలుగు కిలోమీటర్లను పది, పన్నెండు నిమిషాల్లో దాటిస్తుంది. స్టేషన్ బయటికి వచ్చాక బుక్ చేస్తే బండి రావడానికి అయిదారు నిమిషాలు పోతాయి. సికింద్రాబాద్ వైపు నుంచి వస్తుంటే బోరబండ, లింగంపల్లి వైపు నుంచి వస్తుంటే హఫీజ్‌పేట దాటగానే బుక్ చేసుకుంటే ఆ సమయం రైల్లోనే గడిచిపోతుంది. ఎక్కించుకునే చోటును మ్యాప్‌లో స్టేషన్ గుర్తు దగ్గర కాక, తాము బయటికి వచ్చే వైపు రోడ్డు మీద పెట్టుకోవాలి. పట్టాలకు అవతలి పక్కన బండి నిలబడితే చుట్టి రావడానికి మళ్లీ పది నిమిషాలు. వాన పడితే మాత్రం ఈ దారిని నమ్ముకోకూడదు. చార్జీ పెరుగుతుంది, బండ్లు తగ్గుతాయి. రెండో హెల్మెట్ ఇవ్వని బండి ఎక్కకపోవడమే మంచిది.

సైకిల్‌కు ఈ దూరం అన్నివిధాలా తగినది. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. అయినా సైకిల్ తొక్కేవాళ్లు కనపడరు. భారీ వాహనాల మధ్య తొక్కాలన్న భయం ఒక కారణం, రాత్రంతా సైకిల్‌ను స్టేషన్‌లో వదిలేయాల్సి రావడం ఇంకో కారణం. మెట్రో మొదలైన కొత్తలో కొన్ని స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు పెట్టారు, అవి పాతుకోలేదు. స్టేషన్ దగ్గర తీసుకున్న సైకిల్‌ను ఆఫీసు గేటు దగ్గర అప్పగించే వీలుంటేనే ఇలాంటి పథకం నిలుస్తుంది. లేకపోతే సాయంత్రం దాకా సైకిల్ ఊరికే నిలబడి ఉంటుంది, అద్దె పెరుగుతూ ఉంటుంది.

ఇక షటిల్. నిజానికి అన్నిటికన్నా ఎక్కువమందికి ఉపయోగపడేది ఇదే, తరచూ తప్పుగా నడిపేదీ ఇదే. కంపెనీ ఒక మినీబస్సును పెట్టి, గంటకోసారి నడుస్తుందని నోటీసు అంటిస్తుంది. రైలు అయిదు నిమిషాలు ఆలస్యమైతే బస్సు ఖాళీగా వెళ్లిపోతుంది. రెండు నెలల తర్వాత ఎవరూ ఎక్కడం లేదని దాన్ని తీసేస్తారు.

ఎన్ని బస్సులు కావాలో లెక్కవేయడం కష్టం కాదు. ఉదయం రద్దీలో సగటు వేగం గంటకు పదిహేను కిలోమీటర్లు అనుకుంటే, నాలుగు కిలోమీటర్లకు పదహారు నిమిషాలు. రెండు గేట్ల దగ్గర ఆగడానికి నాలుగు, తిరిగి రావడానికి పదహారు, స్టేషన్ దగ్గర రైలు కోసం ఆగడానికి ఆరు. మొత్తం నలభై రెండు నిమిషాలు. రైలు అరగంటకొకటి వస్తే ఒక్క బస్సు ప్రతి రైలుకూ అందదు, రెండు కావాలి. వాన రోజు వేగం ఎనిమిదికి పడిపోతే ఒక వైపుకే అరగంట. చుట్టు మొత్తం డెబ్బై నిమిషాలు, బస్సులు మూడు కావాలి. రెండే ఉంటే ఏదో ఒక రైలు దిగినవాళ్లు రోడ్డు మీదే మిగిలిపోతారు. సీట్ల లెక్క కూడా గంటకు ఎంతమంది అని కాక రైలుకు ఎంతమంది అని వేయాలి. గంటలో యాభై మంది వస్తారని ఇరవై అయిదు సీట్ల బస్సును రెండుసార్లు తిప్పితే సరిపోదు. ఒక్క రైల్లోనే నలభై మంది దిగితే పదిహేను మంది మిగులుతారు.

మైండ్‌స్పేస్ లాంటి పార్కులకు గేటు నుంచి బిల్డింగ్ దాకా కూడా నడక ఉంటుంది. అందుకని షటిల్ ఏ గేటు దగ్గర ఆగుతుందో ముందే చూసుకోవాలి. ఆ చివరి ఎనిమిది నిమిషాలు ఎండలో గడిస్తే మొత్తం ప్రయాణం మీదే విసుగు పుడుతుంది.

సాయంత్రం లెక్క వేరు. ఆఫీసు నుంచి అందరూ ఒకేసారి బయటపడరు, చేతిలో ఉన్న రైలు తప్పితే అరగంట నష్టం. సికింద్రాబాద్ వైపు వెళ్లేవాళ్లు ఉదయం ఎంఎంటీఎస్‌లో వచ్చినా సాయంత్రం రాయదుర్గం మెట్రో పట్టడం తెలివైన పని. వచ్చిన దారినే తిరిగి వెళ్లాలన్న నియమమేమీ లేదు. లింగంపల్లి వైపు వెళ్లేవాళ్లకు ఆ సౌకర్యం లేదు కాబట్టి, షటిల్ అవసరం సాయంత్రం వాళ్లకే ఎక్కువ.

కంపెనీల రవాణా విభాగాలకు ఒక విన్నపం. షటిల్ నోటీసులో తొమ్మిది, తొమ్మిదిన్నర అని గడియారం వేళలు రాయకండి. ఏ రైలుకు ఏ బస్సో రాయండి. రైలు ఆలస్యమైతే పది నిమిషాల దాకా ఆగమని డ్రైవర్‌కు చెప్పండి. పక్కపక్క బిల్డింగుల్లోని రెండు మూడు కంపెనీలు కలిసి పెట్టుకుంటే బస్సుల ఖర్చు పంచుకోవచ్చు, ప్రతి రైలుకూ బస్సు ఉంటుంది.