లోపలికి వెళితే తేలికయ్యే లెక్క

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం గణితం పేపర్లో వెక్టర్ కాలిక్యులస్ నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. ఒక ఫీల్డ్ ఇస్తారు, అన్ని వైపులా మూసుకున్న ఒక ఉపరితలం ఇస్తారు, గాస్ డైవర్జెన్స్ సిద్ధాంతాన్ని వెరిఫై చేయమంటారు. ఒకే జవాబును రెండు దారుల్లో రాబట్టి, రెండూ ఒకటేనని చూపించాలి. కుర్రాళ్లకు ఇది చేసిన పనే మళ్లీ చేయించడంలా కనిపిస్తుంది. అదే ప్రశ్నలో ‘వెరిఫై’ బదులు ‘ఎవాల్యుయేట్’ అని ఉంటే మాత్రం ఒక్క దారి చాలు. ఆ దారి సరిగ్గా ఎంచుకుంటే రెండు పేజీల లెక్క నాలుగు వరుసల్లో ముగుస్తుంది.

ముందు ఆ లెక్క దేని గురించో చూద్దాం. ఫీల్డ్ అంటే చోటులోని ప్రతి బిందువు దగ్గరా ఒక బాణం ఉందని అనుకోవచ్చు. నీటి ప్రవాహమైతే ఆ బాణం నీరు ఎటు, ఎంత వేగంగా వెళ్తోందో చెబుతుంది. ఆ ప్రవాహంలో ఒక గోళాన్ని ఊహించుకుని, దాని పైతొక్కను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్క గుండా బయటికి ఎంత పోతోందో కూడాలి. లోపలికి వచ్చేదాన్ని మైనస్‌గా వేసుకోవాలి. ముక్క వెంబడి జారిపోయే భాగం లెక్కలోకి రాదు, దాన్ని దాటి పోయేదే వస్తుంది. ఆ మొత్తమే ఫ్లక్స్. ఇంటర్ ఫిజిక్స్ తెలుగు పుస్తకాల్లో దీన్నే అభివాహం అంటారు.

ఇప్పుడొక నిజమైన లెక్క. కేంద్రం మూలబిందువు దగ్గర, వ్యాసార్ధం 2 ఉన్న గోళం తీసుకుందాం. ఫీల్డ్ ఇది:

F = (xy², yz², zx²)

నేరుగా ఉపరితలం మీదే చేయాలంటే, ముందు ప్రతి బిందువు దగ్గరా బయటికి చూసే లంబ దిశ కావాలి. గోళానికి అది (x, y, z)/2. దాన్ని ఫీల్డ్‌తో గుణిస్తే (x²y² + y²z² + z²x²)/2 వస్తుంది. తర్వాత x, y, z లను θ, φ కోణాల్లోకి మార్చాలి. ముక్క వైశాల్యం 4 sinθ dθ dφ అని గుర్తుంచుకోవాలి. మొదటి పదంలోనే sin⁵θ, cos²φ sin²φ ఎదురవుతాయి. ఓపికగా ఇంటిగ్రేట్ చేస్తే మూడు పదాలూ సమానంగా వచ్చి, మొత్తం 128π/5 తేలుతుంది, అంటే దాదాపు 80.4. గోళం ఎంతో సౌష్ఠవంగా ఉంది కాబట్టి ఈ మాత్రంలో అయింది.

సిద్ధాంతం చెప్పే రెండో దారిలో ఉపరితలం జోలికే పోనక్కర్లేదు. ఫీల్డ్‌కు డైవర్జెన్స్ అనే రాశి ఒకటుంది. మొదటి అంశాన్ని x తో, రెండోదాన్ని y తో, మూడోదాన్ని z తో పాక్షికంగా డిఫరెన్షియేట్ చేసి కూడితే అది వస్తుంది. ఒక బిందువు చుట్టూ ఉన్న చిన్న చోటులో, ఘనపరిమాణంలో ఒక యూనిట్‌కు ఎంత కొత్తగా పుట్టి బయటికి పోతోందో అది చెబుతుంది. మైనస్ వస్తే అక్కడ అంత ఇంకిపోతోందని అర్థం. మన ఫీల్డ్‌కు:

div F = y² + z² + x²

ఇది కేంద్రం నుంచి దూరానికి వర్గం, r². కోణాలతో పనే లేదు. గోళాన్ని ఉల్లిపొరల్లాంటి పల్చటి పొరలుగా చూస్తే, r దూరంలో ఉన్న పొర ఘనపరిమాణం 4πr² dr. దాన్ని r² తో గుణిస్తే 4πr⁴ dr. దాన్ని 0 నుంచి 2 వరకు ఇంటిగ్రేట్ చేస్తే 4π × 32/5, అంటే 128π/5. అదే జవాబు.

లోపలి మొత్తం, తొక్క మీది మొత్తం ఎందుకు సమానం కావాలి? గోళం లోపలి చోటును చిన్న చిన్న పెట్టెలుగా కోశామనుకుందాం. ఒక్కో పెట్టె నుంచి బయటికి పోయేది విడివిడిగా లెక్కగడితే, పక్కపక్క పెట్టెలకు మధ్య ఉన్న గోడ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఎడమ పెట్టెకు అది బయటికి పోయింది, కుడి పెట్టెకు లోపలికి వచ్చింది. ప్లస్, మైనస్ కొట్టుకుపోతాయి. లోపలి గోడలన్నీ ఇలాగే రద్దయ్యాక, పక్కన జోడీ లేని బయటి తొక్క ఒక్కటే మిగులుతుంది. కొంచెం కఠినంగా నిరూపించాలంటే పెట్టెల పరిమాణాన్ని సున్నా వైపు తీసుకెళ్లాలి, అంచుల దగ్గర జాగ్రత్త పడాలి. అసలు సంగతి మాత్రం ఈ రద్దుల్లోనే ఉంది.

మన పుస్తకాల్లో గాస్ పేరే కనిపిస్తుంది. ఆయన 1813లో ఇందులోని ప్రత్యేక సందర్భాలను వాడాడు. సాధారణ రూపంలో నిరూపించింది మిఖాయిల్ ఆస్ట్రోగ్రాడ్‌స్కీ, 1826లో. అందుకే రష్యన్ పుస్తకాల్లో రెండు పేర్లూ కలిపి రాస్తారు, న్యాయంగానే.

పరీక్షల్లో మార్కులు పోయేది చాలావరకు ఒక్క చోట. గోళం సమీకరణం x² + y² + z² = 4 కాబట్టి, డైవర్జెన్స్ స్థానంలో 4 రాసేసి, దాన్ని గోళం ఘనపరిమాణం 32π/3తో గుణిస్తారు. 128π/3 వస్తుంది, దాదాపు 134. చూడ్డానికి అచ్చం సరైన జవాబులాగే ఉంటుంది. కానీ ఆ సమీకరణం తొక్క మీది బిందువులకే నిజం. లోపలికి వెళ్తే r విలువ 0 నుంచి 2 దాకా మారుతూ ఉంటుంది. ఉపరితల సమాకలనంలో 4 పెట్టొచ్చు, ఘనపరిమాణ సమాకలనంలో పెట్టకూడదు. సరైన విలువ కన్నా ఇది ఎక్కువగానే ఎందుకు రావాలో కూడా కనిపిస్తుంది: లోపల ఎక్కడైనా r² నాలుగు కన్నా తక్కువే.

రెండో చిక్కు ఉపరితలం మూసుకుని లేనప్పుడు వస్తుంది. అదే గోళంలో z ≥ 0 ఉన్న పైభాగం, అంటే డోమ్ ఒక్కటే ఇచ్చారనుకుందాం. ఫీల్డ్‌లో చిన్న మార్పు చేసి, మూడో అంశానికి 5 కలుపుదాం:

G = (xy², yz², zx² + 5)

డోమ్‌కు అడుగు లేదు కాబట్టి సిద్ధాంతం నేరుగా పనిచేయదు. అడుగు లేకపోతే మనమే వేసుకోవాలి. z = 0 దగ్గర వ్యాసార్ధం 2 ఉన్న పళ్లెం ఒకటి బిగిస్తే అది మూసిన ఆకారమవుతుంది. స్థిరసంఖ్యను డిఫరెన్షియేట్ చేస్తే సున్నా కాబట్టి, ఆ 5 వల్ల డైవర్జెన్స్ మారదు. డోమ్, పళ్లెం కలిపి ఫ్లక్స్ పూర్తి గోళంలో సగం: 64π/5. ఇందులోంచి పళ్లెం వాటా తీసేయాలి. పళ్లేనికి బయటి దిశ కిందికి ఉంటుంది, పైకి కాదు. z = 0 దగ్గర ఫీల్డ్ నిలువు భాగం 5. అది పైకి, అంటే ఆకారం లోపలికి పోతోంది కాబట్టి, దాని ఫ్లక్స్ −5 × 4π = −20π. అందుకే డోమ్ ఒక్కదాని ఫ్లక్స్ 64π/5 + 20π, అంటే 164π/5, దాదాపు 103.

ఇక్కడ పళ్లెం దిశ తప్పుగా పైకి తీసుకుంటే జవాబు 64π/5 − 20π అవుతుంది. అది మైనస్. కానీ డోమ్ మీద బయటి దిశతో గుణించిన విలువ (x²y² + y²z² + z²x² + 5z)/2, పైభాగంలో ఎక్కడా మైనస్ కాదు. కాబట్టి గుర్తు తిరగబడితే తప్పు వెంటనే పట్టుబడుతుంది. జవాబు రాశాక ఇలా ఒక్కసారి గుర్తు సరిచూసుకోవడం, మొత్తం లెక్క మళ్లీ చేయడం కన్నా ఎంతో చవక.

మూడో చిక్కు మిగతా రెండిటి కన్నా మోసకారి. ఈసారి ఫీల్డ్ (x, y, z)/r³. ఒకే చోట ఉన్న విద్యుదావేశం చుట్టూ ఉండే క్షేత్రం రూపం ఇదే. దీని డైవర్జెన్స్ తీస్తే సరిగ్గా సున్నా వస్తుంది. కాబట్టి గోళం గుండా ఫ్లక్స్ సున్నా అని రాసేయబుద్ధవుతుంది. కానీ గోళం మీద ప్రతి బాణమూ బయటికే చూస్తోంది, ఒక్కటీ లోపలికి రావడం లేదు. అన్నీ ప్లస్‌లే ఉన్న మొత్తం సున్నా ఎలా అవుతుంది? నేరుగా కూడితే, తొక్క మీద ఫీల్డ్ పరిమాణం 1/4, వైశాల్యం 16π, ఫ్లక్స్ 4π.

లోపం మూలబిందువులో ఉంది. అక్కడ r సున్నా, ఫీల్డ్ అనంతానికి పోతుంది, డైవర్జెన్స్‌కు అర్థమే లేదు. లోపలి చోటంతటా ఫీల్డ్ సజావుగా ఉండాలన్నది సిద్ధాంతం పెట్టే షరతు. ఒక్క బిందువు దగ్గర చెడినా చాలు, లెక్క చెడుతుంది. అలాగని సిద్ధాంతాన్ని పక్కన పెట్టనక్కర్లేదు. ఆ బిందువు చుట్టూ ఒక చిన్న గోళాన్ని తొలిచేస్తే, మిగిలిన చోటులో ఫీల్డ్ శుభ్రంగానే ఉంటుంది, డైవర్జెన్స్ సున్నాయే. అంటే చిన్న గోళం నుంచి బయల్దేరిందంతా ఏమీ తగ్గకుండా బయటి తొక్క దాటాల్సిందే. చిన్న గోళం ఎంతదైనా దాని గుండా ఫ్లక్స్ 4π, కాబట్టి బయట ఏ ఆకారం ఉన్నా, అది మూలబిందువును లోపల పెట్టుకుని ఉంటే, 4π యే.

దీని అసలు లాభం గోళంలో తెలియదు, ఘనంలో తెలుస్తుంది. ఆవేశం మధ్యలో ఉన్న ఘనం ఒక ముఖం మీద నేరుగా ఇంటిగ్రేట్ చేస్తే వర్గమూలాలు, arctan లు మీద పడతాయి. ఇలా చూస్తే ఆరు ముఖాలూ సమానం కాబట్టి ఒక్కో దానికి 2π/3, అంతే. ఇంటర్‌లో కంఠతా పట్టే గాస్ నియమం, మొత్తం ఫ్లక్స్ q/ε₀ అన్నది, ఈ 4π కి విద్యుత్ స్థిరాంకాలు తగిలించిన రూపమే.

సిద్ధాంతాన్ని వెనక్కి తిప్పి వాడే చోటు కూడా ఒకటుంది. ఫీల్డ్ (x, y, z)/3 అయితే డైవర్జెన్స్ అంతటా 1. అప్పుడు ఫ్లక్స్, లోపలి ఘనపరిమాణం ఒకటే. 3డీ ప్రింటర్‌కు పంపే STL ఫైల్లో లోపలి సమాచారం ఏమీ ఉండదు, తొక్కను తయారుచేసే త్రిభుజాల జాబితా మాత్రమే ఉంటుంది. వస్తువు ఘనపరిమాణం కావాలంటే ఒక్కో త్రిభుజం గుండా ఈ ఫ్లక్స్ లెక్కగట్టి కూడితే సరిపోతుంది. ఒక త్రిభుజం తప్పిపోతే ఉపరితలం మూసుకోదు, పళ్లెం బిగించని డోమ్‌లాగా. అప్పుడు వచ్చే సంఖ్య, వస్తువును మూలబిందువుకు ఎంత దూరంలో పెట్టారన్నదాన్ని బట్టి మారిపోతుంది. వస్తువును పక్కకు జరిపి మళ్లీ లెక్కగట్టినప్పుడు ఘనపరిమాణం మారిందంటే, తొక్కలో ఎక్కడో కంత ఉందనో, కొన్ని త్రిభుజాలు లోపలికి తిరిగి ఉన్నాయనో తెలుస్తుంది. త్రిభుజాలన్నీ లోపలికే తిరిగి ఉంటే మాత్రం ఎంత జరిపినా సంఖ్య మారదు, మైనస్‌లో వస్తుంది.