మదర్‌బోర్డు బీప్‌లు, దీపాలు చెప్పేదేమిటి?

కంప్యూటర్ పవర్ బటన్ నొక్కాక తెర మీద తొలి బొమ్మ కనిపించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆలోగా మదర్‌బోర్డు మీది బయాస్ చిప్‌లో ఉన్న ప్రోగ్రాం ప్రాసెసర్, మెమరీ, గ్రాఫిక్స్, డిస్క్ ఉన్నాయో లేదో వరసగా చూసుకుని, ఒక్కొక్కదాన్నీ పనిలోకి దించుతుంది. ఈ పరీక్షకు పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అని పేరు. పొడి అక్షరాల్లో పోస్ట్ అంటారు. మధ్యలో ఏదైనా తేడా వస్తే ఆ సంగతి తెర మీద రాసి చూపడం కుదరదు. తెరకు బొమ్మ పంపాల్సిన గ్రాఫిక్స్ భాగం వంతు అప్పటికింకా రాకపోవచ్చు. అందుకే 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కాలం నుంచీ చిన్న స్పీకర్‌లో బీప్ శబ్దాలు చేసి లోపాన్ని తెలిపే పద్ధతి ఉంది. ఇప్పటి బోర్డుల్లో దానికి తోడుగా, చాలా వాటిలో దానికి బదులుగా, చిన్న ఎల్‌ఈడీ దీపాలు వచ్చాయి.

ఈ సంకేతాలను చదివేటప్పుడు ఒక తేడా తెలిసి ఉండాలి. పరీక్ష ఎక్కడ ఆగిందన్నది మాత్రమే అవి చెబుతాయి. ఏ భాగం పాడైందన్నది ఆ తర్వాత మనిషి వెతికి తేల్చుకోవాల్సిందే. మెమరీ దీపం వెలిగింది కదా అని కొత్త ర్యామ్ కొని తెచ్చి, అదే నల్లటి తెరను మళ్లీ చూసేవాళ్లు ఈ తేడాను పట్టించుకోనివాళ్లే.

నాలుగు దీపాల వరస

అసూస్, ఎంఎస్ఐ, గిగాబైట్, యాజ్‌రాక్ వంటి కంపెనీల బోర్డుల్లో చాలా వాటి మీద ఒక మూలన నాలుగు చిన్న దీపాలు ఉంటాయి. వాటి పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని అచ్చు వేసి ఉంటుంది. పరీక్ష నడిచే క్రమం కూడా దాదాపు ఇదే. మొదట ప్రాసెసర్ మేలుకుని బయాస్‌లోని ఆదేశాలు చదవడం మొదలుపెడుతుంది. అప్పటికి ర్యామ్ సిద్ధంగా ఉండదు కాబట్టి తన లోపలి క్యాష్ మెమరీనే తాత్కాలికంగా వాడుకుంటుంది. తర్వాత ర్యామ్ వంతు. ఒక్కో ర్యామ్ ముక్క మీద ఉండే చిన్న చిప్‌ను చదివి దాని సామర్థ్యం, వేగం తెలుసుకుంటుంది. ఆ వేగానికి తగ్గట్టు సిగ్నళ్ల సమయాన్ని సరిచూసుకుంటుంది. ఈ సరిచూపునే మెమరీ ట్రెయినింగ్ అంటారు. ఆ పిమ్మట గ్రాఫిక్స్, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్క్.

ఒక్కో మెట్టు మొదలైనప్పుడు దాని దీపం వెలిగి, ఆ మెట్టు దాటగానే ఆరిపోతుంది. ఏ దీపం ఆరకుండా నిలిచిపోతే పరీక్ష అక్కడ ఆగిందని అర్థం. వీజీఏ దీపం నిలిచిందంటే ప్రాసెసర్, ర్యామ్ తమ తొలి పరీక్ష దాటాయన్న సమాచారం కూడా అందులోనే ఉంది. సీపీయూకు ఎరుపు, డీర్యామ్‌కు పసుపు, వీజీఏకు తెలుపు, బూట్‌కు ఆకుపచ్చ అనే రంగుల క్రమం చాలా బోర్డుల్లో కనిపిస్తుంది. అయితే అన్ని బోర్డులూ ఈ రంగులు పాటించవు. పక్కన అచ్చు వేసిన పేరునే నమ్మాలి.

ఖరీదైన బోర్డుల్లో దీపాలతో పాటు రెండంకెల చిన్న డిస్‌ప్లే కూడా ఉంటుంది. ఏఎంఐ కంపెనీ తయారుచేసే బయాస్ ఉన్న బోర్డుల్లో అది 55 దగ్గర ఆగితే ర్యామ్ కనపడలేదని, d6 దగ్గర ఆగితే బొమ్మ చూపే పరికరం దొరకలేదని అర్థం.

ఒకే బీప్, వేర్వేరు అర్థాలు

బీప్‌లకు అందరూ ఒప్పుకున్న నిఘంటువు లేదు. ఒక పొడుగు బీప్, వెంటనే రెండు పొట్టి బీప్‌లు వినిపించాయనుకుందాం. పాత అవార్డ్ బయాస్ బోర్డుల్లో దానికి గ్రాఫిక్స్ లోపమని అర్థం. అసూస్ బోర్డుల్లో అదే వరస మెమరీ కనపడలేదని చెబుతుంది. గ్రాఫిక్స్ కార్డు దొరకనప్పుడు అక్కడ పొడుగు బీప్ వెనక పొట్టివి మూడు వస్తాయి. పాత ఏఎంఐ బయాస్‌లో పొట్టి బీప్‌ల లెక్కే ముఖ్యం. ఒకటి నుంచి మూడు దాకా మెమరీకి, ఐదు ప్రాసెసర్‌కు, ఎనిమిది డిస్‌ప్లే మెమరీకి గుర్తులు. మరోవైపు చాలా బోర్డుల్లో ఒకే ఒక్క పొట్టి బీప్ అంతా సవ్యంగా ఉందనడానికి సంకేతం. కాబట్టి బీప్‌లు లెక్కపెట్టక ముందే బోర్డు తయారీదారు ఎవరో, మోడల్ ఏదో చూసి, దాని మాన్యువల్ తెరవాలి.

విడి దీపాలు లేని ల్యాప్‌టాప్‌లలో పవర్ లేదా బ్యాటరీ దీపమే ఈ పని చేస్తుంది. చాలా డెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ దీపం రెండుసార్లు నారింజ రంగులో, మూడుసార్లు తెల్లగా మిణుకుమంటే మెమరీ కనపడలేదని. రెండుసార్లు నారింజ, ఒకసారి తెలుపు అయితే ప్రాసెసర్ దగ్గర లోపమని తెలుసుకోవాలి.

అసలు బీప్ వినపడాలంటే స్పీకర్ ఉండాలి. ఇప్పటి బోర్డుల్లో చాలా వాటికి అది బిగించి రావడం లేదు. కేస్ ముందు భాగం వైర్లు తగిలించే పిన్నుల దగ్గరే స్పీకర్ అని రాసిన పిన్నులు ఉంటాయి. చిన్న బజర్ కొని అక్కడ తగిలించుకోవచ్చు. బజర్ లేని బోర్డు మౌనంగా ఉంటే ఆ మౌనానికి ఏ అర్థమూ లేదు.

ప్రాసెసర్ దగ్గర ఆగితే

బీప్ చేయడం కూడా ప్రాసెసర్ నడిపే ప్రోగ్రాం పనే. అందువల్ల ప్రాసెసర్ పూర్తిగా స్తంభిస్తే బీప్ రాదు. దీన్ని పరీక్షకు వాడుకోవచ్చు. బజర్ తగిలించి, ర్యామ్ ముక్కలన్నీ తీసేసి పవర్ ఇచ్చినప్పుడు బోర్డు మెమరీ లేదని బీప్‌లతో మొరపెట్టిందంటే ప్రాసెసర్, బయాస్, బోర్డు కనీసం అంతవరకు పనిచేస్తున్నట్టే. ర్యామ్ లేకపోయినా నోరు మెదపకపోతే అనుమానం ప్రాసెసర్, బోర్డు, పవర్ సప్లైల మీదికి మళ్లుతుంది.

సీపీయూ దీపం వెలిగినంత మాత్రాన ప్రాసెసర్ కాలిపోయిందనుకోనక్కరలేదు. కొత్తగా బిగించిన కంప్యూటర్‌లో తరచూ కనిపించే కారణం, ప్రాసెసర్‌కు విడిగా కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల కేబుల్ తగిలించకపోవడం. పాత బోర్డులో కొత్త తరం ప్రాసెసర్ పెడితే బయాస్ దాన్ని గుర్తించకపోవచ్చు. అప్పుడు బయాస్ అప్‌డేట్ చేయాలి. కొన్ని బోర్డుల్లో ప్రాసెసర్ పనిచేయకపోయినా పెన్ డ్రైవ్ నుంచి బయాస్ ఎక్కించే బటన్ ఉంటుంది. సాకెట్‌లో వంగిన పిన్ను మరో కారణం.

మెమరీ దీపం: ఒక ఉదాహరణ

ఒక డెస్క్‌టాప్‌లో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఉందనుకుందాం. దానికి మరో 8 జీబీ ముక్క కలిపాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది, డీర్యామ్ దీపం ఆరడం లేదు. మొదట ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచి, లోపల మిగిలిన కరెంటు పోనివ్వాలి. తర్వాత రెండు ముక్కలూ తీసి, పాతదాన్ని ఒక్కదాన్నే మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో పెట్టాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో సాధారణంగా అది ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. ఏ2 అని పిలుస్తారు. రెండు చివరలా క్లిక్‌మని కూర్చునే దాకా నొక్కాలి. సగం దిగిన ర్యామే ఈ దీపం వెలగడానికి చాలాసార్లు కారణం.

పాత ముక్కతో కంప్యూటర్ లేచింది. అదే స్లాట్‌లో కొత్త ముక్క ఒక్కదాన్నే పెట్టినా లేచింది. అంటే రెండు ముక్కలూ బాగున్నాయి. ఇప్పుడు పాతదాన్ని బీ2 స్లాట్‌లోకి మారిస్తే మళ్లీ డీర్యామ్ దీపం వెలిగి ఆగిపోయింది. బాగున్న ముక్కే అక్కడ ఆగింది కాబట్టి తప్పు ర్యామ్‌ది కాదు, బీ2 దారిది. ఆ దారి స్లాట్ నుంచి బోర్డు తీగల గుండా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ దాకా వెళుతుంది. ఈ కంట్రోలర్‌ను ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో తొలి కోర్ ఐ7తో ప్రాసెసర్ లోపలికి చేర్చాయి. అందుకే సాకెట్‌లో ఒక పిన్ను వంగినా, కూలర్ ఒక పక్క మితిమీరి బిగిసినా వెలిగేది డీర్యామ్ దీపమే. ఈ ఉదాహరణలో తర్వాతి పని స్లాట్‌లో దుమ్ము చూడటం, కూలర్ తీసి సాకెట్‌ను వెలుతురులో పరీక్షించడం. మూడో ర్యామ్ కొనడం కాదు.

ఒక్కో ముక్క విడిగా ఏ స్లాట్‌లోనైనా పనిచేసి, రెండూ కలిస్తే మాత్రమే ఆగే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు అవి ఒకే వేగానివో కావో చూసి, బయాస్ సెట్టింగ్‌లను క్లియర్ చేసి, ర్యామ్‌ను మామూలు వేగంతో నడిపి చూడాలి.

గ్రాఫిక్స్ దగ్గర ఆగితే

వీజీఏ దీపం నిలిచినప్పుడు కార్డును తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టి, దానికి పవర్ కేబుల్ ఉంటే తగిలిందో లేదో చూడాలి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో పనిచేసే గ్రాఫిక్స్ ఉండదు. అలాంటివాటిలో కార్డు లేకపోతే బొమ్మ రాదు. మానిటర్ కేబుల్‌ను కార్డుకు కాక బోర్డుకు తగిలించినా రాదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి బోర్డు నుంచే బొమ్మ తెప్పించి చూడవచ్చు. బొమ్మ వస్తే అనుమానం కార్డుకూ దాని స్లాట్‌కూ పరిమితమవుతుంది.

సంకేతాల హద్దులు

డీడీఆర్5 వాడే కంప్యూటర్లలో, ముఖ్యంగా ఏఎండీ ఏఎం5 బోర్డుల్లో, తొలిసారి మెమరీ ట్రెయినింగ్‌కు కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అంతసేపూ డీర్యామ్ దీపం వెలిగే ఉంటుంది. అది లోపం కాదు. పవర్ తీసేస్తే ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. కనీసం పదిహేను నిమిషాలు ఆగి చూడటం మేలు.

ఇక పోస్ట్‌లో జరిగే పరీక్ష చాలా క్లుప్తమైనది. వేడెక్కాక తప్పులు చేసే ర్యామ్ కూడా దాన్ని సులువుగా దాటేస్తుంది. దీపాలన్నీ ఆరిపోయి, తర్వాత కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రామ్‌ను పెన్ డ్రైవ్ నుంచి కొన్ని గంటలు నడపాలి. దీపంతోనో బీప్‌తోనో వెతకాల్సిన చోటు తెలిశాక, భాగాలను ఒక్కొక్కటిగా మార్చి చూసి, అదే భాగం రెండు చోట్లా ఆగిందని తేలాకే కొత్తది కొనాలి.