చక్కెరను చూడలేని గడియారం

మా పెద్దనాన్నగారు చాలా ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్నారు. వేలి కొసలు సూదిపోట్లతో గట్టిపడిపోయాయని బాధపడుతుంటే, మనవడు ఆన్‌లైన్‌లో ఒక గడియారం తెప్పించి చేతికి పెట్టాడు. సూది లేకుండా షుగరు చూపిస్తుందన్నది ప్రకటన. రెండు వారాలు అంతా బాగానే ఉంది. ఉదయం పరగడుపున మీటరులో 121 వస్తే గడియారంలో 118 వచ్చేది. ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరింది, స్ట్రిప్పులు కొనడం తగ్గింది. ఒకరోజు ఇన్సులిన్ వేసుకున్నాక చుట్టాలు రావడంతో భోజనం ఆలస్యమైంది. ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. గడియారంలో 117 ఉంది. పెద్దమ్మ ఎందుకో అనుమానించి వేలు గుచ్చి చూస్తే 58 వచ్చింది.

రోజూ ఉదయం సరిగ్గా చెప్పిన గడియారం మధ్యాహ్నం ఎందుకు తప్పింది? ఉదయం కూడా అది కొలవలేదు కాబట్టి. పరగడుపు అంకె రోజూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మొదటిరోజు మనం మీటరులో చూసి ఎక్కించిన అంకెకు అటూ ఇటూగా ఏదో ఒకటి చూపిస్తే చాలు, సరిపోయినట్టే కనిపిస్తుంది.

సూది లేకుండా ఆక్సిజన్ చెప్పే పరికరం వేలికి తగిలిస్తే చాలు కదా, షుగరుకు మాత్రం ఎందుకు కుదరదన్నది న్యాయమైన ప్రశ్న. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆక్సీమీటరు రెండు రంగుల కాంతితో పనిచేస్తుంది. ఒకటి ఎరుపు, రెండోది కంటికి కనిపించని పరారుణ కాంతి. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకున్నప్పుడు ఒక రంగులో, వదిలినప్పుడు మరో రంగులో ఉంటుంది. ఆ తేడా కంటికే తెలుస్తుంది. పైగా హిమోగ్లోబిన్ కొద్దిపాటి పదార్థం కాదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 14, 15 గ్రాములు ఉంటుంది.

అదే 100 మిల్లీలీటర్లలో గ్లూకోజు ఒక గ్రాములో పదోవంతు. ఒంట్లోని అయిదు లీటర్ల రక్తమంతా కలిపి చూసినా ఆరోగ్యవంతుడిలో ఉండేది సుమారు 5 గ్రాములే, అంటే ఒక చిన్న చెంచాడు. షుగరు 300కు పెరిగిన మనిషిలోనూ అది మూడు చెంచాలు మించదు. ఆ కొద్దిపాటి గ్లూకోజుకు రంగు లేదు. నీళ్లలో కలిపిన చక్కెర కంటికి ఆనుతుందా? ఇదీ అంతే. పరారుణ కాంతిలో కొన్ని చోట్ల గ్లూకోజు కొంత కాంతిని పీల్చుకునే మాట నిజమే. కానీ అవే చోట్ల నీరు, మాంసకృత్తులు, కొవ్వు కూడా పీల్చుకుంటాయి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. చర్మం వేడి ఒక్క డిగ్రీ మారితే నీరు కాంతిని పీల్చుకునే తీరు మారుతుంది. ఆ మార్పు గ్లూకోజు వల్ల వచ్చే మార్పును మింగేస్తుంది. దానికి తోడు చెమట, చర్మం రంగు, పట్టీ బిగుతు కూడా కాంతిని అటూ ఇటూ చేస్తాయి. బజారులో దొరికే గడియారాల అడుగున వెలిగే పచ్చ దీపం నాడి లెక్కపెట్టడానికి పనికొస్తుంది. గ్లూకోజు ఆనవాలు ఆ రంగులో లేనే లేదు.

ఇది కుదరని పని అని ఎవరూ ప్రయత్నించకుండా వదిలేయలేదు. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ‘గ్లూకోవాచ్’ అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. అది కాంతిని నమ్ముకోలేదు. సన్నని విద్యుత్ ప్రవాహంతో చర్మం గుండా కాస్త ద్రవాన్ని పైకి లాగి, అందులోని గ్లూకోజును కొలిచేది. కట్టుకున్నాక మూడు గంటలు ఆగాలి. తర్వాత వేలు గుచ్చి మీటరుతో సరిచూడాలి. అక్కడి నుంచి 12 గంటలు పనిచేస్తుంది. చెమట పడితే అంకె రాదు, చాలామందికి చర్మం ఎర్రబడి మండేది. ఇంతా చేసి, వేలు గుచ్చే పరీక్షకు బదులుగా దీన్ని వాడకూడదన్న షరతుతోనే ఆ అనుమతి వచ్చింది. కొన్నేళ్లకే అది అంగళ్లలోంచి వెళ్లిపోయింది. 2014లో గూగుల్ కన్నీటిలోని గ్లూకోజును కొలిచే కంటిలెన్సును ప్రకటించింది. కన్నీటి గ్లూకోజుకూ రక్తంలోని గ్లూకోజుకూ నమ్మదగిన పొంతన కుదరక 2018లో ఆ పనిని పక్కన పెట్టారు. అంత డబ్బు, అంతమంది శాస్త్రవేత్తలు ఉన్న చోట తేలనిది రెండు మూడు వేల రూపాయల గడియారంలోనో ఉంగరంలోనో తేలిందంటే, రుజువు చూపాల్సిన బాధ్యత అమ్మేవాడిది.

రుజువు అడిగితే కొందరు ఒక శాతం చూపిస్తారు. ‘మా పరికరం సగటు తప్పు 9 శాతమే’ అంటారు. ఇక్కడే జాగ్రత్తగా చూడాలి. ఒక అట్టముక్క తీసుకుని దానిమీద 110 అని రాసి చేతికి కట్టుకున్నామనుకుందాం. షుగరు జబ్బు లేని మనిషికి రోజులో అయిదుసార్లు అసలు పరీక్ష చేస్తే 94, 102, 110, 116, 128 వచ్చాయి. అట్టముక్క మాత్రం ప్రతిసారీ 110 అంటుంది. అసలు అంకెతో పోలిస్తే తప్పు వరుసగా 17, 8, సున్నా, 5, 14 శాతం. సగటు తీస్తే సుమారు 9 శాతం. వేల రూపాయలు పెట్టి కొని చర్మానికి అంటించుకునే మంచి సెన్సర్లు పరీక్షల్లో చూపించే తప్పూ 8 నుంచి 10 శాతం మధ్యనే ఉంటుంది. అంటే ఆరోగ్యవంతుల మీద పరీక్షిస్తే అట్టముక్క కూడా గట్టెక్కుతుంది.

ఇప్పుడు అదే అట్టముక్కను ఇన్సులిన్ వేసుకునే మనిషికి కడదాం. ఆయన అసలు అంకెలు 64, 110, 172, 238, 290. తప్పులు 72, సున్నా, 36, 54, 62 శాతం. సగటు సుమారు 45 శాతం. సగటును అటుంచి మొదటి అంకెను, చివరి అంకెను చూడండి. 64 దగ్గర ఆ మనిషి వెంటనే తీపి తినాలి, 290 దగ్గర మందు సంగతి ఆలోచించాలి. రెండు చోట్లా అట్టముక్క ‘అంతా బాగుంది’ అంటుంది. ఎవరికి కొలత అక్కర్లేదో వాళ్లకు సరిగ్గా చెప్పి, ఎవరికి ప్రాణావసరమో వాళ్ల దగ్గర తప్పుతుంది. వయసు, బరువు, తిన్న వేళ అడిగి తెలుసుకునే గడియారం ఈ అట్టముక్కకు ఒక మెట్టు పైన ఉంటుంది. భోజనం తర్వాత అంకెను కాస్త పెంచి, రాత్రికి దించి అందమైన గీత గీస్తుంది. అది కొలత కాదు, ఊహ.

అందుకే పరికరాన్ని పరీక్షించే పద్ధతి సగటుతో ఆగదు. వేలు గుచ్చి చూసే గ్లూకోమీటర్లకు ఐఎస్‌ఓ 15197 అనే ప్రమాణం ఉంది. దాని 2013 రూపం ప్రకారం, అసలు విలువ 100కు లోపు ఉంటే మీటరు అంకె అటూ ఇటూ 15కు మించి తప్పకూడదు. 100, ఆపైన అయితే 15 శాతానికి మించకూడదు. వంద కొలతల్లో 95 ఈ గీతల మధ్య పడాలి. ఆ పరీక్షకు తీసుకునే రక్తంలో బాగా తక్కువ, బాగా ఎక్కువ షుగరు ఉన్న నమూనాలూ తప్పకుండా ఉండాలి. అట్టముక్క ఈ జల్లెడ దాటలేదు.

చర్మానికి అంటించుకునే సీజీఎం సెన్సర్లకు ఎఫ్‌డీఏ 2018లో పెట్టిన కొలమానాలు కూడా తక్కువ, మధ్యస్థ, ఎక్కువ అంకెలకు విడివిడిగా ఉన్నాయి. లిబ్రె, డెక్స్‌కామ్ వంటివి ఈ కోవలోవి. ఇవి కాంతితో పనిచేయవు. బిళ్లలాంటి సెన్సరును చేతి వెనక భాగానికి నొక్కితే, సుమారు అర సెంటీమీటరు పొడవున్న మెత్తని సన్నతీగ చర్మం కిందికి దిగి అక్కడే ఉండిపోతుంది. తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పూత ఉంటుంది. ఈ ఎంజైము అన్నిటినీ వదిలి గ్లూకోజునే పట్టుకుంటుంది. పట్టుకున్నప్పుడు జరిగే రసాయన చర్యలోంచి చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. గ్లూకోజు ఎక్కువైతే ప్రవాహం ఎక్కువవుతుంది. ఈ ఆలోచనకు 1962లో లీలండ్ క్లార్క్ పునాది వేశారు. మన వేలు గుచ్చే స్ట్రిప్పులూ ఇలా ఎంజైము మీద ఆధారపడినవే. గ్లూకోజును తాకకుండా కొలవాలనుకోవడానికీ, తాకి కొలవడానికీ ఉన్న తేడా ఇదే.

ఈ సెన్సర్లకూ హద్దులున్నాయి, అవి తెలియకుండా వాడకూడదు. తీగ ఉండేది రక్తంలో కాదు, కణాల మధ్య ద్రవంలో. రక్తంలో షుగరు వేగంగా మారుతున్నప్పుడు ఆ మార్పు అక్కడికి చేరడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. అందుకే భోజనమైన కాసేపటికి మీటరుకూ సెన్సరుకూ తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. రాత్రి ఆ చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే ఒత్తిడి వల్ల అంకె ఉత్తినే పడిపోయి అలారం మోగవచ్చు. కొన్ని రకాల సెన్సర్లలో విటమిన్ సి మాత్రలు, మరికొన్నిటిలో పారాసిటమాల్ ఎక్కువ మోతాదు అంకెను పెంచి చూపిస్తాయి. అంకెకూ ఒంటి లక్షణాలకూ పొంతన లేకపోతే వేలు గుచ్చి చూడాలని వీటిని తయారుచేసేవాళ్లే చెబుతారు.

ఒక తికమక కూడా తీర్చాలి. కొందరి గడియారంలో షుగరు అంకె నిజంగానే సరిగ్గా కనిపిస్తుంది. వాళ్ల చేతికి సీజీఎం అంటించి ఉంటుంది. అది పంపిన అంకెను గడియారం చూపిస్తుంది, అంతే. ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన హెచ్చరికలో ఈ తేడాను స్పష్టంగా చెప్పింది. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే షుగరు కొలుస్తానన్న ఏ గడియారానికీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, ఎవరి పేరుతో అమ్మినా వాడవద్దని అందులో ఉంది. రామన్ వర్ణపటం వంటి పద్ధతుల మీద ప్రయోగశాలల్లో నిజాయితీగా పరిశోధన సాగుతోంది. అది ఫలిస్తే మొదట సంతోషించేది వేళ్లు కాయలు కాచిన మన ఇళ్లలోని పెద్దవాళ్లే.

ఈలోగా ఇంట్లో అలాంటి గడియారం ఉంటే ఒక చిన్న పరీక్ష చేయండి. పరగడుపున కాదు, భోజనమైన గంటన్నరకు, షుగరు బాగా పెరిగే వేళ మీటరుతో చూడండి. మీటరు అంకెను గడియారంలో ఎక్కించకండి. వరుసగా నాలుగు రోజులు రెండు అంకెలూ పక్కపక్కన రాయండి. తర్వాత గడియారాన్ని షుగరు లేని మరొకరి చేతికి కట్టి చూడండి. మనిషి మారినా అంకె మారకపోతే అది ఎవరినీ కొలవడం లేదన్నమాట. పెట్టె మీద సన్నని అక్షరాల్లో ‘వైద్య పరికరం కాదు’ అని ఉందేమో చదవండి. మన దేశంలో వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ సీడీఎస్‌సీఓ. దాని లైసెన్సు నంబరు ఏదని అమ్మేవాళ్లను అడగండి.

ఇన్సులిన్ గానీ షుగరును బాగా దించే మాత్రలు గానీ వాడేవారు చెమట, వణుకు, కళ్లు తిరగడం వస్తే గడియారం వంక చూడకండి. వేలు గుచ్చండి. స్ట్రిప్పు చేతిలో లేకపోతే ముందు 15 గ్రాముల గ్లూకోజో చక్కెరో నీళ్లలో కలుపుకుని తాగండి. పావుగంట తర్వాత మీటరుతో చూడండి.