స్టైపెండ్ ఎక్కడ ఆగుతుంది?

ఇంటర్న్‌షిప్‌లో చేరినవారి హాజరు చాలా కంపెనీల్లో రెండు చోట్ల నమోదవుతుంది. ఆఫీసు గుమ్మం దగ్గర కార్డు గీసినప్పుడో వేలిముద్ర వేసినప్పుడో రాకపోకల సమయం పడుతుంది. ఏ పని మీద ఎన్ని గంటలు గడిచాయో టైంషీట్‌లో ఇంటర్నే నింపాలి. ఈ రెండు లెక్కలూ పొసగకపోతే స్టైపెండ్ దగ్గర పేచీ మొదలవుతుంది.

నెలాఖరుకు డబ్బు పడాలంటే హాజరు లెక్కను అంతకు వారం, పది రోజుల ముందే ముగించాలి. ఆ గడువునే కటాఫ్ అంటారు. కొత్తవారు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. టైంషీట్ నింపి Save నొక్కితే అది డ్రాఫ్టుగానే ఉండిపోతుంది. Submit నొక్కితేనే మేనేజర్‌కు చేరుతుంది, ఆయన ఆమోదించాకే పేరోల్ విభాగానికి వెళ్తుంది. అందుకే Submitted అని కనబడగానే నిశ్చింత పడకూడదు. Approved అని మారిందో లేదో చూసుకోవాలి.

ఉదాహరణకు, హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో స్టైపెండ్ నెలకు 15,000 రూపాయలు, కటాఫ్ 25వ తేదీ అనుకుందాం. జూన్ 18న ఇంటర్న్ ఉదయం కార్డు గీసి లోపలికి వెళ్లింది, సాయంత్రం గీయడం మరిచిపోయింది. టైంషీట్‌లో మాత్రం ఎనిమిది గంటలు రాసింది. బయటికి వెళ్లిన సమయం లేనందున యంత్రం ఆ రోజును గైర్హాజరుగా లెక్కగట్టింది. 30 రోజుల నెలలో ఒక రోజు కోత అంటే 500 రూపాయలు, చేతికొచ్చేది 14,500. హాజరు పేజీలో ఆ తేదీని తెరిచి, వెళ్లిన సమయం, కారణం రాసి, 25లోపు మేనేజర్ ఆమోదం పొందితే కోత ఉండదు. గడువు దాటాక సరిచేస్తే ఆ 500 సాధారణంగా జూలై స్టైపెండ్‌తో బకాయిగా వస్తుంది. లోటు కనబడకుండా ఉండాలని మరో రోజున గంటలు పెంచి రాయడం మాత్రం తెలివితక్కువ పని. గుమ్మం దగ్గరి రికార్డు దాన్ని ఇట్టే పట్టిస్తుంది.

2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో హాజరు మీద ఆధారపడిన మొత్తం ఇంకా పెద్దది. అప్పటి నిబంధనల ప్రకారం నెలకు 5,000 రూపాయల్లో 500 కంపెనీ ఇస్తుంది, అదీ హాజరు, ప్రవర్తన చూశాక. కంపెనీ తన వాటా చెల్లించిన తర్వాతే ప్రభుత్వం మిగతా 4,500ను ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో వేస్తుంది. హాజరు దగ్గర చిక్కుపడి ఆ 500 ఆగితే, దాని వెనక 4,500 కూడా ఆగుతుంది. కాబట్టి డబ్బు పడలేదని బ్యాంకు చుట్టూ తిరిగే ముందు, కంపెనీ తన వాటా చెల్లించిందో లేదో హెచ్‌ఆర్ విభాగంలో అడగాలి.