సాఫ్ట్ స్టార్టరా, వీఎఫ్‌డీనా? నీటి పంపుకు ఏది సరిపోతుంది

20 హార్స్‌పవర్, అంటే 15 కిలోవాట్ల త్రీఫేజ్ పంపు మోటారు నిండు లోడుతో నడిచేటప్పుడు దాదాపు 28 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దాన్ని నేరుగా లైనుకు కలిపి ఆన్ చేస్తే మొదటి ఒకటి రెండు సెకన్లలో దానికి ఆరేడు రెట్లు లాగుతుంది. ఆ సమయంలో ఇళ్లలో లైట్లు మసకబారతాయి. కాంటాక్టర్ పాయింట్లు కాలతాయి, మోటారు వైండింగు వేడెక్కుతుంది. ఆపేటప్పుడు వచ్చే చిక్కు వేరు. పైపులో పైకి పోతున్న నీరు ఒక్కసారిగా ఆగి వెనక్కి మళ్లుతుంది, నాన్ రిటర్న్ వాల్వు ధడేలున మూసుకుంటుంది, ఆ దెబ్బకు పైపు జాయింట్లు సడలుతాయి. ఈ రెండు చిక్కులనూ సాఫ్ట్ స్టార్టర్ తీరుస్తుంది, వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్, అంటే వీఎఫ్‌డీ కూడా తీరుస్తుంది. ధరలో మాత్రం వీఎఫ్‌డీ తరచుగా రెండింతల దాకా ఉంటుంది. ఆ అదనపు ఖర్చు పెట్టాలా వద్దా అన్నది పంపు చేసే పనిని బట్టి తేల్చుకోవాలి.

సాఫ్ట్ స్టార్టర్‌లో థైరిస్టర్లు ఉంటాయి. అవి మోటారుకు అందే వోల్టేజీని మొదట తగ్గించి, కొన్ని సెకన్లలో క్రమంగా పూర్తి స్థాయికి పెంచుతాయి. దాంతో స్టార్టింగ్ కరెంటు సుమారు మూడు రెట్లకు, అంటే 20 హార్స్‌పవర్ మోటారుకు 85 ఆంపియర్ల దగ్గరకు దిగుతుంది. వోల్టేజీ తగ్గితే మోటారు తిప్పే బలం కూడా తగ్గుతుంది కానీ, సెంట్రిఫ్యూగల్ పంపుకు మొదట్లో పెద్ద బలం అక్కర్లేదు కనుక ఇబ్బంది రాదు. పూర్తి వేగం అందుకున్నాక చాలా రకాల్లో బైపాస్ కాంటాక్టర్ పడి మోటారు నేరుగా లైను మీద నడుస్తుంది. ఆపేటప్పుడు వోల్టేజీని మెల్లగా తగ్గించే సాఫ్ట్ స్టాప్ సౌకర్యం పైపులో దెబ్బను చాలావరకు తగ్గిస్తుంది. సాఫ్ట్ స్టార్టర్ ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. అందువల్ల పంపు ఒకసారి స్టార్టయ్యాక ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది.

వీఎఫ్‌డీ లైను నుంచి వచ్చే ఏసీ కరెంటును ముందు డీసీగా మార్చి, దాన్నుంచి కావలసిన ఫ్రీక్వెన్సీతో మళ్లీ ఏసీని తయారుచేస్తుంది. 50 హెర్ట్జ్‌కు బదులు 40 హెర్ట్జ్ ఇస్తే మోటారు దాదాపు 80 శాతం వేగంతో తిరుగుతుంది. స్టార్టింగ్‌లో కరెంటు మామూలు స్థాయిని పెద్దగా దాటదు. పంపు నడిచినంతసేపూ వేగాన్ని మార్చుకోగలగడం దీని అసలు ప్రయోజనం.

వీఎఫ్‌డీ అమ్మకంలో ఎక్కువగా వినిపించే లెక్క ఒకటుంది. పంపు వేగాన్ని 80 శాతానికి తగ్గిస్తే విద్యుత్తు సగానికి పడిపోతుందని చెబుతారు. వేగం తగ్గితే పవరు దాని ఘనం చొప్పున తగ్గుతుంది కనుక, పంపు పైపులో రాపిడిని మాత్రమే ఎదుర్కొంటున్నప్పుడు ఈ లెక్క నిజమే. నీటిని ఎత్తుకు ఎక్కించే పంపుకు మాత్రం ఇది వర్తించదు. పంపు ఇవ్వగల ఒత్తిడి వేగం వర్గం చొప్పున పడిపోతుంది, ఎక్కాల్సిన ఎత్తు మాత్రం ఒక్క అంగుళం కూడా తగ్గదు.

ఒక అపార్ట్‌మెంటులో సంపు నుంచి పైట్యాంకుకు నీరెక్కించే పంపును తీసుకుందాం. నాన్ రిటర్న్ వాల్వు తర్వాత పైపుకు ప్రెషర్ గేజ్ ఉంది. పంపు ఆగి పైపు నిండి ఉన్నప్పుడు అది 3.2 బార్ చూపిస్తోంది. ఒక బార్ సుమారు 10 మీటర్లు కనుక ఎత్తు 32 మీటర్లు. పంపు నడుస్తున్నప్పుడు గేజ్ 3.8 బార్ చూపిస్తే, పైపులో రాపిడికి పోతున్నది 6 మీటర్లే. గేజ్‌కు అవతలి డెలివరీ వాల్వును కొద్ది సెకన్లు మూస్తే ముల్లు 5 బార్‌కు చేరింది, అంటే ఆ పంపు ఇవ్వగల గరిష్ఠ ఎత్తు 50 మీటర్లు. పైపులు ఆ ఒత్తిడికి తగినవైతేనే ఈ పరీక్ష చేయాలి, వెంటనే వాల్వు తెరవాలి.

ఇప్పుడు వీఎఫ్‌డీతో వేగాన్ని 80 శాతానికి దించితే 50 మీటర్లు కాస్తా 64 శాతానికి, అంటే సరిగ్గా 32 మీటర్లకు తగ్గుతుంది. ఎక్కాల్సిందీ 32 మీటర్లే. 40 హెర్ట్జ్ దగ్గర పంపు తిరుగుతూనే ఉంటుంది, చుక్క నీరు పైకి చేరదు. 90 శాతం వేగం దగ్గర నీరు ఎక్కుతుంది కానీ, ప్రవాహం దాదాపు మూడో వంతు తగ్గి ట్యాంకు నిండే సమయం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. రాపిడిలో కలిసొచ్చే కొద్దిపాటి ఆదాలో చాలా భాగాన్ని పంపు సామర్థ్యం తగ్గుదల, వీఎఫ్‌డీలో వేడిగా పోయే రెండు మూడు శాతం మింగేస్తాయి.

ఖర్చు చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ధరలు తయారీని బట్టి మారతాయి. ఉదాహరణకు సాఫ్ట్ స్టార్టర్ 30 వేల రూపాయలు, వీఎఫ్‌డీ 70 వేలు అనుకుంటే తేడా 40 వేలు. ఈ పంపు 14 కిలోవాట్లతో రోజుకు నాలుగు గంటలు నడిస్తే 56 యూనిట్లు. అందులో మూడు శాతం మిగిలిందనుకున్నా, యూనిట్ 7 రూపాయల చొప్పున రోజుకు 12 రూపాయలే. 40 వేలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. ఈ పంపుకు సాఫ్ట్ స్టార్టరే సరైనది.

అదే పంపు ట్యాంకు లేకుండా నేరుగా ఇళ్ల కుళాయిలకు నీరందిస్తుంటే లెక్క తిరగబడుతుంది. ఉదయం ఏడింటికి కుళాయిలన్నీ తెరిచి ఉంటాయి, మధ్యాహ్నం రెండు మూడే. ఒకే వేగంతో నడిచే పంపు మిగులు నీటిని బైపాస్‌లో తిరిగి సంపులోకి వదలాలి, లేదా వాల్వు బిగించి ఒత్తిడిని వృథా చేయాలి. వీఎఫ్‌డీకి ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ కలిపితే పైపులో ఒత్తిడి నిలకడగా ఉండేలా వేగం దానంతటదే మారుతుంది, వాడకం లేనప్పుడు పంపు ఆగిపోతుంది. రోజుకు 16 గంటలు నడిచే చోట సగటున 3 కిలోవాట్లు తగ్గినా 48 యూనిట్లు, అంటే 336 రూపాయలు. 40 వేలు సుమారు నాలుగు నెలల్లో వచ్చేస్తాయి.

విద్యుత్ ఆదా లేకున్నా వీఎఫ్‌డీ అవసరమయ్యే సందర్భాలు కొన్ని ఉన్నాయి. జనరేటర్ చిన్నదైతే సాఫ్ట్ స్టార్టర్ తీసుకునే మూడు రెట్ల కరెంటును కూడా అది మోయలేకపోవచ్చు. సింగిల్ ఫేజ్ లైను మాత్రమే ఉన్నచోట చిన్న త్రీఫేజ్ మోటారును నడపడానికి, తగినంత పెద్ద సైజు వీఎఫ్‌డీ పనికొస్తుంది. వ్యవసాయ బోర్ల సంగతి వేరు. ఉచిత విద్యుత్తు వాడే రైతుకు యూనిట్లు తగ్గినా బిల్లులో మిగిలేదేమీ ఉండదు కనుక, వీఎఫ్‌డీ ఖర్చు ఆ దారిలో తిరిగి రాదు.

బోరు మోటారుకు వీఎఫ్‌డీ పెడితే జాగ్రత్తలూ ఎక్కువే. ప్యానెల్ నుంచి మోటారు దాకా కేబుల్ పొడవు ఎక్కువైతే మోటారు దగ్గర వోల్టేజీ పోట్లు లేచి ఇన్సులేషన్‌ను దెబ్బతీస్తాయి, అందుకే అవుట్‌పుట్ ఫిల్టర్ కావాలి. సబ్‌మెర్సిబుల్ మోటారును 30 హెర్ట్జ్ కంటే కింద నడిపితే దాన్ని చల్లబరిచే నీటి ప్రవాహం, త్రస్ట్ బేరింగుకు కావలసిన నీటి పొర రెండూ చాలవు. ప్యానెల్‌లో దుమ్ము పేరుకున్నా, ఎండకు వేడెక్కినా వీఎఫ్‌డీ తరచూ ట్రిప్పవుతుంది. ఫిల్టరు, గాలి ఆడే ప్యానెల్ ధర కూడా కలిపాకే రెండింటి ధరలు పోల్చాలి.

కాబట్టి కొటేషన్లు తెప్పించే ముందు మూడు సంగతులు రాసుకోవాలి. గేజ్ మీద మూడు రీడింగులు, పంపు రోజుకు నడిచే గంటలు, నీటి వాడకంలో హెచ్చుతగ్గులు. వాడకం ఒకే తీరుగా ఉండి నీరు ఎత్తుకు ఎక్కడమే పనైతే సాఫ్ట్ స్టార్టర్ తీసుకోవాలి. వాడకం గంటగంటకూ మారుతూ పంపు ఎక్కువసేపు నడిచే చోట వీఎఫ్‌డీకి పెట్టిన డబ్బు వృథా కాదు.