మధ్యలో ఉన్నదే కారణమా?

ఫలానా శిక్షణ ఆత్మవిశ్వాసాన్ని పెంచి, దాని ద్వారా కుంగుబాటును తగ్గించిందని మనస్తత్వశాస్త్ర పత్రాలు తరచు చెబుతుంటాయి. ఆ ‘ద్వారా’ను లెక్కగట్టే పద్ధతి మీడియేషన్ అనాలిసిస్. 1986లో బేరన్, కెన్నీ రాసిన వ్యాసంతో దీనికి విపరీతమైన ప్రచారం వచ్చింది. నా దృష్టిలో ఇలాంటి పత్రంలో గట్టిగా పరీక్షించవలసింది ఆ ఒక్క మాటనే.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన ‘జాబ్స్ టూ’ ప్రయోగాన్నే చూడండి. ఉద్యోగం పోయినవారిలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంచి, ఉద్యోగం వెతుక్కోవడంలో శిక్షణ ఇచ్చారు. మిగిలినవారికి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. శిక్షణ వల్ల ‘నేను ఉద్యోగం వెతుక్కోగలను’ అన్న నమ్మకం పెరిగి, దానివల్ల కుంగుబాటు తగ్గుతుందా అన్నది ప్రశ్న.

లెక్క తెలియడానికి కొన్ని ఊహా అంకెలు వేసుకుందాం. శిక్షణతో నమ్మకం 0.4 పాయింట్లు పెరిగింది. నమ్మకం ఒక పాయింటు ఎక్కువున్నవారిలో కుంగుబాటు 0.25 తక్కువగా ఉంది. రెండూ గుణిస్తే 0.10. శిక్షణ వల్ల కుంగుబాటు మొత్తం 0.15 తగ్గిందనుకుంటే, అందులో మూడింట రెండు వంతులు నమ్మకం ద్వారానే వచ్చిందని పత్రం రాస్తుంది.

ఇందులో 0.4ను నమ్మవచ్చు, ఎవరికి శిక్షణ అన్నది లాటరీ తేల్చింది కనుక. 0.25కు ఆ రక్షణ లేదు. నమ్మకాన్ని ఎవరూ లాటరీ వేసి పంచలేదు. ఇంట్లోవాళ్ల అండ ఉన్నవారికి నమ్మకమూ ఎక్కువ ఉండవచ్చు, కుంగుబాటూ తక్కువ ఉండవచ్చు. ఆ అండను లెక్కలోకి తెస్తే 0.25 కాస్తా 0.10కి దిగిందనుకోండి. అప్పుడు నమ్మకం వాటా 0.04 మాత్రమే, అంటే మొత్తంలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. శిక్షణ ఫలితం చెక్కుచెదరలేదు, ‘ద్వారా’ మాత్రం చాలావరకు కరిగిపోయింది.

బాణం ఎటు తిరిగిందో కూడా చూడాలి. మనసు కుంగినవారికి తమ మీద తమకు నమ్మకం సన్నగిల్లుతుంది. రెండింటినీ ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రంతో కొలిచి ఉంటే, వాటిని తారుమారు చేసినా లెక్క అంతే చక్కగా కుదరవచ్చు. అందుకే ఏది ఎప్పుడు కొలిచారో పద్ధతుల విభాగంలో మొదట వెతకాలి.

‘బూట్‌స్ట్రాప్‌ చేశాం, విరామంలో సున్నా లేదు’ అన్న వాక్యం చాలా పత్రాల్లో కనిపిస్తుంది. అది గుణకార ఫలితం కేవలం యాదృచ్ఛికమా అన్నదానికే జవాబు. కుటుంబం అండ సంగతి గానీ, బాణం దిశ గానీ దానికి తెలియవు.

2010లో ఇమై, కీల్, టింగ్లీ ఇదే జాబ్స్ టూ సమాచారంతో మరో పరీక్ష చూపించారు: కొలవని కారణం ఎంత బలంగా ఉంటే ఈ ఫలితం సున్నా అవుతుంది? పత్రంలో ఆ లెక్క ఉండి, స్వల్పమైన కారణానికే ఫలితం కూలిపోతోందంటే ‘ద్వారా’ను నమ్మనక్కర్లేదు. నమ్మకాన్ని మాత్రమే విడిగా పెంచే ఇంకో ప్రయోగం చేస్తే మరింత బలం వస్తుంది. కానీ నమ్మకం కలిగించే మాటలే మనసును నేరుగా తేలిక పరచవచ్చు కనుక అదీ సులువు కాదు.